పక్కన కూర్చోడు, ఎదురుగా కూర్చుంటాడు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, భీమవరంలో ఉద్యోగం. మా బ్యాచ్ ఏడుగురం, సెలవు దొరికితే ఎటో ఒకటు వెళ్తాం. అందులో ఒకతను పాపికొండలు వెళ్లినప్పుడు లాంచీలో నా ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి కబుర్లు చెప్పాడు. వ్యాన్‌లో నా వెనక సీటు. వనభోజనాల్లో నాకు ఎదురుగా. జోకు వేస్తే చివర్లో నావైపే చూస్తాడు, ‘పులిహోర మేడమ్’ అని పేరు కూడా పెట్టాడు. కానీ అందరితో సరదాగానే ఉంటాడు, నా పక్కన ఎప్పుడూ కూర్చోడు, ఫోన్ చేయడు. నాకు అతనంటే ఇష్టమే. ఇదంతా నేను ఊహించుకుంటున్నానా?

జవాబు: ముందు వ్యాన్ సీటు సంగతి తీసి పక్కన పెట్టండి. వ్యాన్‌లో ఎవరెక్కడ కూర్చోవాలో మనసు కన్నా కడుపు ఎక్కువ నిర్ణయిస్తుంది. వాంతులయ్యేవాళ్లకి ముందు సీటు, కాళ్లు పొడుగున్నవాళ్లకి చివరి వరస, భీమవరంలో ఎక్కినవాళ్లు కిటికీలన్నీ పట్టేస్తే దారిలో ఎక్కేవాళ్లకి మిగిలిందే సీటు. పొద్దున్న ఎక్కిన సీటే రాత్రి దాకా ఉండిపోతుంది కాబట్టి అందులోంచి ఏమీ తెలియదు.

లాంచీ అలా కాదు. పేరంటాలపల్లిలో అందరూ దిగుతారు, గుడి చూసి మళ్లీ ఎక్కుతారు, భోజనాలప్పుడు మళ్లీ లేస్తారు. అంటే ఒకే రోజులో సీట్లు రెండు మూడుసార్లు మారిపోతాయి. నేనైతే మొదటిసారి ఎక్కడ కూర్చున్నాడన్నది అసలు పట్టించుకోను, లేచిన ప్రతిసారీ మళ్లీ ఎక్కడికి వచ్చాడన్నదే చూస్తాను. దానికన్నా ముఖ్యం, ఎవరు ముందు కూర్చున్నారు? తర్వాత వచ్చి కూర్చున్నవాళ్లదే ఎంపిక. మీరు కూర్చున్నాక వేరే కుర్చీలు ఖాళీగా ఉన్నా అతను మీ ముందుకే వచ్చాడా, లేక అతను కూర్చున్న చోటు చూసి మీరే వెనక వరసలో సర్దుకున్నారా? కోప్పడకండి, ఇష్టం ఉన్నప్పుడు మనం కూడా తెలియకుండానే సర్దుకుంటాం, ఆ తర్వాత అదంతా అవతలివాళ్ల ఖాతాలో రాసేస్తాం.

పక్కన కూర్చోకపోవడాన్ని మీరు అతనికి వ్యతిరేకంగా లెక్కేశారు, నేను అలా వేయను. ఏడుగురి బ్యాచ్‌లో అబ్బాయి వెళ్లి అమ్మాయి పక్కన కూర్చుంటే సాయంత్రానికల్లా ఇద్దరికీ కలిపి ఏదో పేరు పెట్టేస్తారు, అది ఇంటికి చేరడానికి ఎంతో సేపు పట్టదు. వనభోజనాల బంతిలో ఎదురుగా కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, పైగా భోజనం అయ్యేదాకా ముఖం చూస్తూ మాట్లాడొచ్చు. పరోక్షంగా ఇష్టం చూపించడంలో సుఖం ఇదే, ఎవరైనా అడిగితే “అబ్బే, ఖాళీ ఉంది కూర్చున్నాను” అనేయొచ్చు. అయితే ఏ ఇష్టమూ లేనివాడు కూడా సరిగ్గా ఇదే మాట అంటాడు కదా, చిక్కంతా అక్కడే.

జోకుల సంగతి. జోకు వేసేవాడు బాగా నవ్వేవాళ్ల వైపు చూస్తాడు, అది జోకులేసేవాళ్లందరికీ ఉండే ఆకలి. మీరు గట్టిగా నవ్వే మనిషైతే అతని చూపు మీ దగ్గర ఆగడం పెద్ద విషయం కాదు. అందుకే అతను జోకు వేసినప్పుడు కాదు, ఇంకెవరో వేసినప్పుడు చూడండి. అందరూ నవ్వుతున్నప్పుడు ‘విన్నావా’ అన్నట్టు అతని కళ్లు మీ కోసం వెతికాయా? అక్కడ అతనికి చప్పట్లేమీ రావు, అయినా చూశాడంటే మీతో కలిసి నవ్వాలని ఉందన్నమాట. ఇక పులిహోర పేరు విషయంలో, బ్యాచ్‌లో అందరికీ ఇలాంటి పేర్లు పెట్టాడా లేక మీకొక్కరికేనా అన్నది మొదటి సంగతి. అందరికీ పెట్టి ఉంటే దాన్ని వదిలేయండి. మీకొక్కరికే అయితే, మిగతావాళ్లు ఆ పేరుతో మిమ్మల్ని మరీ ఏడిపిస్తున్నప్పుడు ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి. ఇంకో నాలుగు మాటలు కలిపాడా, మాట మార్చి ఆపేశాడా? నేను ఆ రెండోదానికి ఎక్కువ మార్కులు వేస్తాను.

ఊహించుకుంటున్నానా అన్నారు. జెఫ్రీ హాల్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఆయన సహచరులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముక్కూ ముఖం తెలియని ఆడా మగా జంటల్ని కూర్చోబెట్టి మాట్లాడించి, అవతలివాళ్లు ఫ్లర్ట్ చేశారా అని ఇద్దర్నీ అడిగారు. నిజంగా చేసినప్పుడు గుర్తుపట్టింది మగవాళ్లలో 36 శాతం, ఆడవాళ్లలో 18 శాతం మందే. చేయనప్పుడు మాత్రం లేదని 80 శాతానికి పైగా సరిగ్గానే చెప్పారు. వాళ్లు కొత్తవాళ్లు, మీరు ఎప్పటినుంచో కలిసి తిరుగుతున్నవాళ్లు, కాబట్టి ఆ అంకెలు మీకు అలాగే వర్తించవు. కానీ లేనిది ఊహించుకుంటున్నానేమో అన్న టెన్షన్‌లో, ఉన్నది కనబడకుండా పోవడమే మామూలు అన్న సంగతి మరిచిపోతాం.

మీ ఉత్తరంలో నాకు నిజంగా అడ్డు తగిలింది ఫోన్ చేయడన్న మాటే. దానికి కారణం బిడియం కావచ్చు, బ్యాచ్ మధ్యలో దొరికే సందడి తప్ప ఇంకేమీ అక్కర్లేకపోవడం కావచ్చు, ఇంట్లో సంబంధం మాట్లాడుతూ ఉండటం కావచ్చు. ఈ మూడింటిలోనూ టూర్‌లో మనిషి ఒకేలా కనిపిస్తాడు. కాబట్టి సీట్లు ఇంకెన్నిసార్లు లెక్కపెట్టినా ఇది తేలదు.

ఒక్కసారి చూడాలనుకుంటే అంతర్వేది ట్రిప్పు పెట్టించండి, నరసాపురం మీదుగా. సఖినేటిపల్లికి పంటు మీద దాటుతారు కదా, బండ్లు ఎక్కించాక దిగి రెయిలింగ్ దగ్గర నిలబడతారు. సీట్లు లేవు, వరసలు లేవు, ఎవరు ఎవరి దగ్గరికైనా రావొచ్చు, పోవచ్చు. మీరు ముందెళ్లి గుంపుకి కాస్త ఎడంగా నిలబడండి. వచ్చాడా, వస్తే బ్యాచ్ విషయాలు కాకుండా మీ గురించి ఏమైనా అడిగాడా, ఎప్పుడో మీరు చెప్పిన చిన్న సంగతి ఏదైనా గుర్తుపెట్టుకున్నాడా, అంతవరకే చూడండి. (అక్కడ అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర మాత్రం ఈ ప్రయోగం పెట్టుకోకండి, బ్యాచ్ వాళ్లు జన్మలో వదలరు.)

రాకపోయినా అదే ఆఖరి మాట అనుకోవద్దు, బిడియస్తుడు రాడు. ఇంటికొచ్చాక గ్రూపులో కాకుండా అతనికొక్కడికే మెసేజ్ పెట్టండి, ఫోటోలు పంపమని. ఫోటోలు పంపేసి ఊరుకున్నాడా, తిరిగి ఏదైనా ప్రశ్న వేశాడా? రెండు మూడు రోజులు మాట సాగితే, “శనివారం సాయంత్రం టీకి వస్తారా, బ్యాచ్ లేకుండా” అని అడగండి. ఈ చివరి రెండు మాటలూ తప్పకుండా ఉండాలి, లేకపోతే ఇంకో ఇద్దర్ని వెంటేసుకొస్తాడు, అది సమాధానమో అమాయకత్వమో తెలియక మళ్లీ నాకే రాస్తారు. ఆ మాటలు ఉన్నాక కూడా ఎవర్నైనా వెంటేసుకొస్తే, లేదా రెండుసార్లు అడిగినా పనుందని ఇంకో రోజు చెప్పకపోతే, లేదనే అర్థం. అక్కడితో ఆపేయండి, కారణం అడగొద్దు, ఒక ట్రిప్పు మానేసి తర్వాతి దానికి మామూలుగా వెళ్లండి.

స్నేహితురాలితో మాత్రం కబురు పంపకండి. ఆ మర్నాటి నుంచి బ్యాచ్ అంతా కలిసి మీ ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెడుతుంది, అతను తనంతట తాను ఎక్కడ కూర్చునేవాడో ఇక ఎప్పటికీ తెలియదు.

టీకి ఒంటరిగా వస్తే మొదటి రోజే మనసులో మాట చెప్పక్కర్లేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా అని మాత్రం మామూలుగా, నవ్వుతూనే అడిగేయండి. ఇద్దరి ఇళ్లలో సంగతీ ఆ రోజే బయటపడితే రెండో టీకి వెళ్లాలో వద్దో మీకే తెలుస్తుంది.