‘లేకపోతే’ అన్న మాట తీసేసి అడగండి

మేడమ్, నాకు 29 ఏళ్లు. తార్నాకలో ఉంటాం. బేగంపేటలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను, ప్యాకేజీ 10 లక్షలు. నానక్‌రామ్‌గూడలో ఇంకో కంపెనీ 13 లక్షలకు ఆఫర్ ఇచ్చింది. సోమవారంలోగా జవాబు చెప్పాలి. మూడో రౌండ్‌లో నలుగురు జూనియర్లను కూడా చూసుకోవాలన్నారు, ప్రకటనలో ఆ సంగతే లేదు. ‘15 ఇవ్వకపోతే రానని మెయిల్ కొట్టు, వాళ్లే దిగొస్తారు’ అంటారు మా వారు. ‘ముప్పై శాతం పెంచి ఇస్తుంటే ఇంకా బేరమేంటమ్మా, ఉన్నదీ పోతుంది’ అంటారు మామయ్యగారు. ఇంట్లో రెండు రోజులుగా ఇదే గొడవ. ఆఫర్ లెటర్, నా పే స్లిప్, రెజ్యూమె, మా వారు రాసిచ్చిన మెయిల్ పంపుతున్నాను. ఆ మెయిల్ పంపడానికి నాకు చెయ్యి రావట్లేదు. ఏం చేయమంటారు?

అమ్మా, చెయ్యి రాకపోవడమే మంచిదైంది. ఆ మెయిల్ పంపకండి. అలాగని నోరు మూసుకుని సంతకం కూడా పెట్టకండి. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను పదకొండేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాను. ఇలాంటి మెయిళ్లు అందుకునే కుర్చీలోనే కూర్చున్నాను కాబట్టి అవతలి వైపు ఏం జరుగుతుందో కాస్త తెలుసు.

ముందు మామయ్యగారి ముప్పై శాతం సంగతి చూద్దాం. మీ ఆఫర్ లెటర్ చివర జీతాన్ని విడివిడిగా చూపించిన పట్టిక ఉంది. ఇంట్లో ముగ్గురిలో ఎవరూ దాన్ని చదివినట్టు లేదు. ఆ 13 లక్షల్లో 1,30,000 వేరియబుల్. అంటే కంపెనీ బాగుండి, మీ రేటింగ్ కూడా బాగుంటే ఏడాది చివర వచ్చేది. మొదటి ఏడాది చేరిన నెల నుంచి లెక్కగట్టి ఇస్తారు, అదీ పూర్తిగా రాదు. బేసిక్ 5,20,000 మీద కంపెనీ కట్టే పీఎఫ్ 62,400, గ్రాట్యుటీకి పక్కన పెట్టేది దాదాపు 25,000. ఈ రెండూ ప్యాకేజీలో కనిపిస్తాయి కానీ నెలనెలా చేతికి రావు. ఇవన్నీ తీసేస్తే నెలకు 90,200. అందులో మీ వాటా పీఎఫ్ 5,200, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే ఖాతాలో పడేది 84,800.

ఇప్పుడు మీ పే స్లిప్‌లో చేతికొచ్చేది 73,500. అక్కడ వేరియబుల్ లేదు, అంతా ఫిక్స్‌డే. అంటే కాగితం మీద ముప్పై శాతం, బ్యాంకులో పదిహేను. మీరు అడగాల్సింది ఈ తేడా గురించే. మీ వారు చెప్పిన 15 మంచి అంకెలా వినిపిస్తుంది కానీ దాని వెనక లెక్కేమీ లేదు. ‘ఎందుకు 15?’ అని హెచ్‌ఆర్ అడిగితే ఏం చెప్తారు?

మీరు అడగదగ్గ అంకె నా లెక్కలో ఇది: ఫిక్స్‌డ్ 13 లక్షలు, వేరియబుల్ ఇప్పుడున్న 1,30,000 దానిపైన. మొత్తం 14,30,000, అంటే ఇచ్చిన ఆఫర్ మీద పది శాతం ఎక్కువ. బేసిక్ అదే లెక్కన పెరిగితే చేతికి నెలకు 94,400 దాకా వస్తుంది. పన్ను నేను ఇందులో కలపలేదు. కొత్త విధానంలో జీతగాళ్లకు 12,75,000 దాకా పన్ను పడదు, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ తీసేస్తే ఆఫర్ కూడా ఆ లోపే, కాబట్టి ఇప్పటి జీతానికీ ఇచ్చిన ఆఫర్‌కూ ఆ బాధ లేదు. మీరు అడిగే అంకె మీద మాత్రం, వేరియబుల్ పూర్తిగా వచ్చిన ఏడాది 60 వేల పైచిలుకు పన్ను పడుతుంది. ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పి పెట్టండి, తర్వాత ‘తక్కువొచ్చిందేంటి’ అని ఇంకో గొడవ రాకుండా.

ఇక మెయిల్. చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్తాను. మీకు ఆఫర్ పంపిన రిక్రూటర్‌కు జీతం పెంచే అధికారం సాధారణంగా ఉండదు. ఆ అమ్మాయి మీ మెయిల్‌ను పైన ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తుంది. ఆ పైవారు మిమ్మల్ని చూడలేదు, ఇంటర్వ్యూలో మీరెంత బాగా మాట్లాడారో వినలేదు. వారి ముందు ఉండేది ఆ నాలుగు పేరాలే. ‘15 ఇవ్వకపోతే ఆఫర్‌ను తిరస్కరించాల్సి వస్తుంది’ అని మీ వారు రాశారే, అది చదివిన మనిషికి ఒకటే తోస్తుంది: సరే, తిరస్కరించనీ, లిస్టులో రెండో క్యాండిడేట్ ఎవరు? అదే ఒక కారణం, ఒక అంకె ఉన్న మెయిల్ అయితే రిక్రూటర్ దాన్నే అనుమతి కోసం వాడుకుంటుంది. మీ తరఫున వాదించే పని ఆమెది, ఆమె చేతికి వాదన అందించడం మీ పని.

మీరు ఎలాగూ ఇంగ్లీషులోనే రాస్తారు. అయినా తెలుగులోనే రాసి చూపిస్తున్నాను, స్వరం ఎలా ఉండాలో సొంత భాషలోనే బాగా తెలుస్తుంది.

“నమస్కారం. ఆఫర్ పంపినందుకు ధన్యవాదాలు. మూడు రౌండ్లలో టీమ్‌తో మాట్లాడాక ఇక్కడ పనిచేయాలన్న ఆసక్తి ఇంకా పెరిగింది.

సంతకం చేసే ముందు జీతం గురించి ఒక విషయం అడగాలనుకుంటున్నాను. ప్రకటనలో ఇది టెస్టింగ్ వరకే ఉన్న పోస్టు. నలుగురు జూనియర్ల బాధ్యత కూడా ఇందులో భాగమని మూడో రౌండ్‌లో తెలిసింది. ఆ బాధ్యత నాకు ఇష్టమే. ఇప్పటి కంపెనీలో మూడు రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టింగ్‌ను ఆటోమేట్ చేసి ఒక్క రోజుకు తెచ్చాను, ఇద్దరు జూనియర్లకు ఆ పని నేర్పించాను.

ఈ బాధ్యతలను బట్టి ఫిక్స్‌డ్ జీతం 13 లక్షలుగా, వేరియబుల్ ఇప్పుడున్నట్టే దానిపైన ఉండేలా సవరించే వీలుందేమో చూడగలరా? అలా అయితే సవరించిన లెటర్ అందిన రోజే సంతకం చేసి పంపుతాను.

ఫోన్‌లో మాట్లాడటం సులువనుకుంటే ఈ రోజు ఉదయం 11 తర్వాత ఎప్పుడైనా అందుబాటులో ఉంటాను. అనుమతికి సమయం పట్టేలా ఉంటే నా జవాబు గడువు బుధవారం దాకా పొడిగించగలరా?”

అంతే. ఇంతకంటే పొడుగు వద్దు. ఇందులో ‘వీలుందేమో చూడగలరా’ అన్నది మర్యాద, కానీ అంకె మాత్రం తడబడకుండా ఒక్కటే ఉంది. ‘12 నుంచి 13 మధ్యలో’ అని రాశారంటే వాళ్లు 12 మాత్రమే చదువుతారు. ‘అడుగుతున్నందుకు క్షమించండి’, ‘తప్పుగా అనుకోవద్దు’ లాంటివి మనవాళ్లకు చెయ్యి ఆగక వచ్చేస్తాయి, తీసేయండి. క్షమాపణతో మొదలైన అడుగు సగం వెనక్కి వేసినట్టే. ‘అలా అయితే లెటర్ అందిన రోజే సంతకం’ అన్న వాక్యాన్ని మాత్రం వదలకండి. బెదిరింపు చేయాల్సిన పని అది చేస్తుంది: ఇది ఒప్పుకుంటే ఈ పోస్టు భర్తీ అయిపోతుందని అవతలివారికి తెలుస్తుంది. కాకపోతే తలుపు మూస్తామని కాదు, తెరుచుకుని వస్తామని చెప్తుంది.

రాయకూడనివి కూడా ఉన్నాయి. తార్నాక నుంచి రాయదుర్గం దాకా మెట్రో, అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడకు క్యాబ్, ఆ ఖర్చు మీకు నిజమే. ఇంటి ఈఎంఐ ఉంటే అదీ నిజమే. కానీ అవి మీ ఇంటి లెక్కలు, ఆ పోస్టు విలువకు వాటితో సంబంధం లేదు. ‘వేరే ఆఫర్ ఉంది’ అని లేనిది రాయొద్దు. ఆ లెటర్ కాపీ పంపమని అడగడం ఇక్కడ మామూలే. నా రోజుల్లో ఒకబ్బాయి ఇలాగే రాసి, కాపీ అడిగేసరికి పాత లెటర్‌లో అంకెలు మార్చి పంపాడు. ఫాంట్ తేడాతో పట్టుబడ్డాడు. అలాంటప్పుడు పోయేది పెంపు కాదు, ఆఫరే.

మామయ్యగారి భయానికి ఆధారం అక్కడే ఉంది. మర్యాదగా ఒక్కసారి అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం నేను దాదాపు చూడలేదు. తీసుకున్నవి ఎక్కువగా మూడు రకాలు: అబద్ధం బయటపడినవి, ఒప్పుకుని సంతకం పెట్టాక మళ్లీ అడిగినవి, అడిగింది ఇచ్చాక ఇంకొంచెం అన్నవి. ఈ మూడూ మీరు చేయట్లేదు. చిన్న కంపెనీ అయి బడ్జెట్ నిజంగా అంతే ఉంటే ‘కుదరదు’ అంటారు, పాత ఆఫర్ అలాగే ఉంటుంది.

ఆఫర్ వచ్చిన మెయిల్‌కే రిప్లై కొట్టండి, రిక్రూటర్ ఒక్కరికే. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌ను సీసీలో పెట్టకండి, రిక్రూటర్‌ను దాటి వెళ్లినట్టవుతుంది. మామూలుగా జవాబు మెయిల్‌లో రాదు, ఫోన్ వస్తుంది. ‘మేడమ్, ఆల్రెడీ 30 పర్సెంట్ హైక్ ఇచ్చాం కదా’ అంటారు. అప్పుడు కంగారుపడి ‘సర్లెండి’ అనకండి. ‘అవునండి, ఫిక్స్‌డ్ వరకు చూస్తే తేడా తక్కువే. జూనియర్ల బాధ్యత కూడా ఉంది కాబట్టి అడిగాను’ అని చెప్పి ఆగిపోండి. అవతల నిశ్శబ్దం ఉంటే ఉండనివ్వండి. దాన్ని నింపడానికి మీ అంకె మీరే తగ్గించుకోవద్దు.

13 కుదరదని, మధ్యలో ఏదో చెప్తే అక్కడికక్కడే ఒప్పుకోనక్కర్లేదు. ‘రేపు ఉదయం చెప్తాను’ అనండి. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే అది ఒక్కసారి వచ్చేదని, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు చాలాచోట్ల ఉంటుందని గుర్తుపెట్టుకోండి. నేనైతే దానికంటే వేరియబుల్‌లో సగం ఫిక్స్‌డ్‌లోకి మార్చమని అడుగుతాను. మొత్తం ప్యాకేజీ పెరగదు కాబట్టి వాళ్లకూ కొంత తేలిక, మీకు మాత్రం నెలకు ఐదు వేల చిల్లర. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అడగడానికీ ఇదే సమయం. ‘ఆరు నెలల్లో రివ్యూ చేస్తాం’ అంటే ‘చాలా సంతోషం, ఆ మాట మెయిల్‌లో పెడతారా’ అని నవ్వుతూ అడగండి. సవరించిన లెటర్ చేతికి వచ్చేదాకా బేగంపేటలో రాజీనామా మాట ఎత్తకండి.

చివరిగా, మీ వారితో కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్లు ఒక్క రూపాయి కూడా పెంచకపోతే 84,800కు వెళ్తారా, వెళ్లరా? ఆ జవాబు ఈ రాత్రే మీ ఇద్దరి మధ్య తేలాలి, మెయిల్‌లోకి మాత్రం రాకూడదు. మీ వారి కోపానికి చోటు అక్కడ ఉంది. ఆయన చెడ్డమాట ఏమీ అనలేదు, మీ విలువ తక్కువ కట్టారని ఆయన బాధ. కాకపోతే ఆయన రాసిన వాక్యాలు మీ పేరుతో వెళ్తే, ఫోన్ వచ్చినప్పుడు మాట్లాడాల్సింది మీరు, ఆ స్వరం మీది కాదు. మెయిల్ మీరే టైప్ చేయండి. పంపేముందు ఆయనకు చూపించి అంకెలు సరిచూడమనండి. మామయ్యగారికి ఆ పట్టిక చూపించి 73,500, 84,800 పక్కపక్కన రాసి పెట్టండి, ఆయనే ‘అడిగితే తప్పేంటమ్మా’ అంటారేమో.

శుక్రవారం ఉదయం పది గంటలకల్లా పంపేయండి. సాయంత్రం పంపితే శని, ఆదివారాలు అది చదవకుండానే పడి ఉంటుంది, మీకు రెండు రోజులు టెన్షన్.