ఖర్చంతా బియ్యం మీద, తవుడు డబ్బు బావగారికి

ప్రశ్న: లాయరు గారూ, నేనూ మా అక్క భర్తా కలిసి 2016లో మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు పెట్టాం. పత్రం రాసుకున్నాం, రిజిస్టర్ చేయించలేదు, గడువూ రాయలేదు. అందులో "బియ్యం వ్యాపారం లాభనష్టాలు చెరిసగం. తవుడు, ఊక, నూకల అమ్మకం మొదటి భాగస్వామి చూసుకుంటారు" అని ఉంది. మొదటి భాగస్వామి మా బావగారు. మొదట్లో ఏ గొడవా లేదు. 2021-22 నుంచి ధాన్యం ఖర్చు, మిల్లింగ్ ఖర్చు మొత్తం బియ్యం మీదే వేసి నష్టం చూపిస్తున్నారు, తవుడు డబ్బు మాత్రం ఆయనే ఉంచుకుంటున్నారు. ఆడిటరు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. 2023 సెప్టెంబరు 14న "ఇక నీతో కలిసి చేయను, ఈ రోజుతో సరి" అని వాట్సాప్ చేశారు. అక్క కాపురం కోసం ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తెలిసిన ప్లీడరు గుమాస్తా ఒకాయన "తూకంలో బియ్యం సగమే కదా, ఖర్చులో సగమే బియ్యానికి వేసి మనీ సూట్ పడేద్దాం" అంటున్నారు. 2023 వేసవిలో ఆడిన ఒక లాటు లెక్క పంపుతున్నాను. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ముందు తేదీ చూడండి. గడువు రాసుకోని భాగస్వామ్యాన్ని ఒక భాగస్వామి రాతపూర్వక నోటీసుతో రద్దు చేయవచ్చని 1932 భాగస్వామ్య చట్టం 43వ సెక్షన్ చెబుతుంది. వాట్సాప్ సందేశం రాతపూర్వక నోటీసు కిందకు వస్తుందా రాదా అనే వాదన తర్వాత చేసుకోవచ్చు. మీరు మాత్రం వస్తుందనుకునే నడవాలి. రద్దయిన భాగస్వామ్యంలో లెక్కలు, లాభంలో వాటా కోరే దావాకు కాలపరిమితి చట్టంలోని 5వ ఆర్టికల్ రద్దు తేదీ నుంచి మూడేళ్లు ఇచ్చింది. అంటే 2026 సెప్టెంబరు 14లోగా దావా కోర్టులో ఉండాలి. అక్క కోసం ఊరుకున్న రోజులను కోర్టు ఈ మూడేళ్లలోంచి తీసేయదు.

ఇక అసలు విషయం. ఖర్చు ఎలా పంచాలన్నదే మీ గొడవ అనుకుంటున్నారు. నేను పత్రం చదివితే అంతకంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటి కనిపిస్తోంది: తవుడు, ఊక, నూకల డబ్బు ఎవరిది? "అమ్మకం చూసుకుంటారు" అని రాశారు గానీ "ఆయనకు చెందుతుంది" అని రాయలేదు. చూసుకోవడం అంటే బాధ్యత, హక్కు కాదు. సంస్థ సరుకు అమ్మి ఒక భాగస్వామి సొంతానికి లాభం మిగుల్చుకుంటే దాన్ని సంస్థకు లెక్క చెప్పి కట్టాలని భాగస్వామ్య చట్టం 16వ సెక్షన్ అంటుంది, వేరే ఒప్పందం ఉంటే తప్ప. ఆ ఒప్పందం ఉందని చూపించాల్సింది ఆయనే. "బియ్యం వ్యాపారం" అనే మాట పట్టుకుని ఆయన లాయరు అటు లాగుతాడు, అది ఖాయం. దానికి మీ సమాధానం 2021కి ముందు లెక్కల్లో ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మీ లాటు కాగితాన్ని దగ్గర పెట్టుకుని చూద్దాం. 100 క్వింటాళ్ల ధాన్యం 2,30,000 రూపాయలు. ఆడించడానికి హమాలీ, కరెంటు కలిపి 12,000. మొత్తం 2,42,000. వచ్చినవి: బియ్యం 54 క్వింటాళ్లు, అమ్మితే 2,16,000. నూకలు 12 క్వింటాళ్లు, 26,400. తవుడు 8 క్వింటాళ్లు, 16,000. ఊక 22 క్వింటాళ్లు, 6,600. మిగతా 4 క్వింటాళ్లు తేమ, దుమ్ము కింద పోయాయి. మొత్తం అమ్మకం 2,65,000, లాటు మీద నిజమైన లాభం 23,000.

బావగారి లెక్కలో బియ్యానికి 2,42,000 ఖర్చు, 2,16,000 రాబడి, అంటే 26,000 నష్టం. అందులో సగం మీ నెత్తిన. తవుడు, ఊక, నూకల 49,000 ఒక్క పైసా ఖర్చు లేకుండా ఆయనకు. ఒకే ధాన్యపు గింజ నుంచి నాలుగూ వచ్చాయి. ఊక షెల్లర్ దగ్గర విడిపోతుంది, తవుడు పాలిషర్ దగ్గర, నూకలు గ్రేడర్ దగ్గర. అవి విడిపోయే వరకూ పెట్టిన ఖర్చు అన్నింటికీ ఉమ్మడి.

ఆ ఉమ్మడి ఖర్చుకు భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థవారి అకౌంటింగ్ స్టాండర్డ్ 2 రెండు దారులు చూపిస్తుంది. విలువున్న సరుకులైతే ఖర్చును సహేతుకంగా, ఏటా మార్చకుండా ఒకే పద్ధతిలో పంచాలి, ఉదాహరణకు అమ్మకపు విలువల నిష్పత్తిలో. విలువ తక్కువున్న ఉప ఉత్పత్తి అయితే, దాన్ని అమ్మితే నికరంగా వచ్చే మొత్తాన్ని ప్రధాన సరుకు ఖర్చులోంచి తీసేయాలి. ఏ దారిలో వెళ్లినా తవుడు విలువ లెక్కలో ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ఖర్చూ పంచకుండా, విలువా తగ్గించకుండా డబ్బు మాత్రం పక్కకు తీసుకోవడం ఈ రెండింటిలో దేనికిందకూ రాదు. ఆ స్టాండర్డ్ నిల్వ సరుకు విలువ కట్టడానికి ఉద్దేశించింది, భాగస్వాముల వాటాల విషయంలో కోర్టును కట్టేయదు. కానీ లెక్కలు చూడటానికి కోర్టు వేసే కమిషనర్ చేతిలో అదే కొలబద్ద అవుతుంది.

ఇప్పుడు అంకెలు. తవుడు, ఊక, నూకల డబ్బు సంస్థదే అని తేలితే పంచే గొడవే లేదు: లాభం 23,000, మీ సగం 11,500. అవి ఆయనవే అని తేలిందనుకోండి, అప్పుడు అమ్మకపు విలువల ప్రకారం బియ్యానికి పడే ఖర్చు 1,97,253. లాభం 18,747, మీ సగం సుమారు 9,373. ఈ రెండింటి మధ్య తేడా రెండు వేల పైచిలుకు మాత్రమే. ఆయన లెక్కలో మీరు 13,000 నష్టపోయారు. అందుకే పద్ధతుల పేర్ల మీద ఏళ్లు కొట్టుకోవద్దని చెబుతున్నాను. ఖర్చు మోయని తవుడు కుదరదు అన్న ఒక్క మాట మీద నిలబడండి.

గుమాస్తా సలహా జోలికి వెళ్లకండి. తూకం ప్రకారం బియ్యానికి 54/96 వంతు ఖర్చు వేస్తే బియ్యం లాభం 79,875 వస్తుంది, మీరు దాదాపు 40,000 అడుగుతారు. లాటు మొత్తం మీద మిగిలింది 23,000! అదే లెక్కలో 6,600కు అమ్మిన ఊక మీద 55,458 ఖర్చు పడుతుంది. ఊకను క్వింటాలు రెండున్నర వేలు పెట్టి ఎవరూ తయారు చేయరు. ఈ కాగితం ఒక్కసారి కోర్టులో పడితే మీ మిగతా అంకెలు కూడా నమ్మరు. ఇక మనీ సూట్ అంటారా, మీ సంస్థ రిజిస్టర్ కాలేదు. ఒప్పందం ప్రకారం నా లాభం ఇప్పించండి అని భాగస్వామి మీద వేసే మామూలు దావాను 69వ సెక్షన్ అక్కడే ఆపేస్తుంది. అదే సెక్షన్‌లో మూడో ఉపసెక్షన్ మినహాయింపు ఇచ్చింది: రద్దు కోసం, లేదా రద్దయిన సంస్థ లెక్కల కోసం దావా వేయవచ్చు. మీకున్న దారి అదొక్కటే. తప్పు దావా వేసి అది కొట్టేసేసరికి మూడేళ్లూ అయిపోతే, తర్వాత మంచి దావాకు చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

సంతకాల సంగతి. చదవకుండా సంతకం పెట్టడం మీ తప్పు, ఇందులో ఆడిటరును అనడానికి ఏమీ లేదు. 2021-22 తర్వాత మీరు ఒప్పుకుని సంతకం చేసిన లెక్కలను మళ్లీ తెరిపించాలంటే "మోసం చేశారు" అని గుండుగుత్తగా రాస్తే చాలదు. ఏ సంవత్సరం, ఏ పద్దు, ఎంత తప్పు అని దావాలోనే చూపించాలి. కానీ మీ పాత సంతకాలే మీకు పనికొస్తాయి కూడా. 2020-21 దాకా ఉన్న వ్యాపార ఖాతాల్లో తవుడు, ఊక, నూకల అమ్మకం సంస్థ రాబడి వైపు ఉందో లేదో చూడండి. ఉంటే అప్పట్లో ఇద్దరూ అదే అర్థంతో నడిచారన్నమాట. నడవడికను బట్టి భాగస్వామ్య ఒప్పందం తేలుతుందని, మారుతుందని కూడా 11వ సెక్షన్ చెబుతుంది. అది రెండు వైపులా పదునున్న సెక్షన్: తర్వాతి ఏళ్ల సంతకాలను ఆయన దానికిందే చూపిస్తాడు. అందుకే ఏ ఏడాది పద్ధతి మారింది, మార్చే ముందు మీకు ఎవరైనా చెప్పారా అన్నది ఈ కేసులో ముఖ్యమైన సాక్ష్యం.

పుస్తకాల్లో రాత ఒక్కటే ఎవరినీ బాధ్యుణ్ణి చేయడానికి చాలదని భారతీయ సాక్ష్య అధినియంలోని 28వ సెక్షన్ చెబుతుంది. దానికి తోడు కావాలి. తవుడు కొన్న నూనె మిల్లు బిల్లులు, లారీ కాటా చీటీలు, సంస్థ పేరు మీద వేసిన అమ్మకాల జీఎస్టీ రిటర్ను GSTR-1లో తవుడు 2302 కోడ్ కింద కనిపిస్తుందో లేదో చూడండి. సంస్థ నంబరు మీద అమ్మి, డబ్బు బావగారి సొంత ఖాతాలో పడి ఉంటే అంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. వాట్సాప్ ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి. స్క్రీన్‌షాట్ ప్రింట్ ఒక్కటే చాలదు, అదే అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి.

మీకు వ్యతిరేకంగా పోయే సంగతులూ ఇప్పుడే వినండి. బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే సార్టెక్స్ యంత్రం ఖర్చు, బియ్యం సంచులు, బియ్యం రవాణా అన్నీ విడిపోయాక వచ్చినవి. వాటిని తవుడు మీద వేయమంటే కుదరదు, అవి బియ్యానివే. మీరు పంపిన లెక్కలోని 12,000లో అవి కలిసి ఉంటే విడదీయండి. ఉప్పుడు బియ్యం ఆడిన లాటుల్లో ఊక అమ్మలేదు, బాయిలర్లో కాల్చారు. ఆ మేరకు కట్టెల ఖర్చు అప్పటికే తగ్గింది. ఆ ఊక విలువను మళ్లీ రాబడిలో అడిగితే రెండుసార్లు లెక్క పెట్టినట్టు అవుతుంది.

ఈ వారంలో చేయాల్సిన పని ఇది. పత్రంలో మధ్యవర్తి క్లాజు ఉందేమో మొదట చూడండి. ఉంటే దారి మధ్యవర్తి దగ్గరికి, గడువు మాత్రం అదే. లేకపోతే లాయరు ద్వారా నోటీసు ఇచ్చి పుస్తకాలు చూపించమని అడగండి, జవాబు కోసం పదిహేను రోజులు మించి ఆగకండి. తర్వాత సివిల్ కోర్టులో, భాగస్వామ్యం 2023 సెప్టెంబరు 14న రద్దయిందని ప్రకటించి లెక్కలు తేల్చాలని, అది ఆ రోజు రద్దు కాలేదని కోర్టు అనుకుంటే ఇప్పుడు రద్దు చేయాలని, రెండూ ఒకే దావాలో కోరండి. కోర్టు ముందు వాటాలు తేలుస్తూ ప్రాథమిక డిక్రీ ఇచ్చి, లెక్కలు చూడటానికి కమిషనర్‌ను వేస్తుంది. కమిషనర్‌గా చార్టర్డ్ అకౌంటెంట్‌ను వేయమని, తవుడు, ఊక, నూకల అమ్మకాలను 2021-22 నుంచి లాటువారీగా తేల్చమని అప్పుడే అడగండి. మధ్యలో బావగారు రాజీకి వస్తే మాట్లాడుకోవచ్చు, కానీ దావా నంబరు పడకముందు "పూర్తిగా ముట్టింది" అని ఏ కాగితం మీదా సంతకం చేయకండి.