ద్రాక్షకు జిబ్బరెల్లిక్ కొట్టినా కాయ లావెక్కలేదు

"అనంతపురం దగ్గర థామ్సన్ సీడ్‌లెస్ తోట మాది. జిబ్బరెల్లిక్ పొడి నీళ్లలో కలిపి కొట్టాను. కాయ లావెక్కలేదు, డ్రమ్ము అడుగున తెల్లగా పేరుకుంది."

పొడి సరిగా కరగలేదన్నా. మందు డ్రమ్ములోనే ఉండిపోయింది.

1. గ్రాము పొడిని గాజు గ్లాసులో వేసి, 30 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి కలపండి. గ్లాసును వెలుతురుకు ఎత్తి చూడండి. ఒక్క రేణువు కనబడినా ఇంకా కలపాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే.

2. దాన్ని 40 లీటర్ల నీళ్లలో పోస్తే సుమారు 25 పీపీఎం. మన వైపు బోరు నీళ్లలో ఉప్పెక్కువ, పీహెచ్ 7 దాటితే మందు బలం తగ్గుతుంది. కాస్త సిట్రిక్ యాసిడ్ వేసి దించండి.

3. కాయ 3-4 మి.మీ. ఉన్నప్పుడు గుత్తులు ముంచండి. కలిపింది అదే రోజు వాడేయాలి.

కాయ ఇప్పటికే శనగ గింజ సైజు దాటుంటే ఈ పంటకు పెద్దగా ఫలితం ఉండదు, ఖర్చు పెట్టొద్దు.