మన వాక్యంలో దాగున్న ‘ది’

తమ్ముడికి,

నీ కథా, దానికి నువ్వే చేసిన ఇంగ్లీషు అనువాదమూ చదివాను. కథ బాగుంది. అనువాదంలో ఎ, యాన్, ది దగ్గర తడబడ్డావు. కొన్నిచోట్ల అసలు పెట్టలేదు, కొన్నిచోట్ల టెన్షన్‌తో ప్రతి మాట ముందూ ‘ది’ పెట్టేశావు. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి గుడ్డిగా బట్టీ పట్టాల్సిందేనని రాశావు. దాంతో నేను ఒప్పుకోను. విడిగా ఆ మాటలు మనకు లేవు గానీ, అవి చేసే పని మన వాక్యంలో చాలాసార్లు మాటల వరస చేస్తుంది.

నీ మొదటి పేరానే తీసుకుందాం. ‘చెరువు గట్టు మీద గుడిసె ఉంది. గుడిసెలో ముసలమ్మ ఉండేది. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. గుమ్మం దగ్గర కుక్క పడుకుని ఉండేది.’

రెండో వాక్యాన్ని తిరగేసి చదువు: ‘ముసలమ్మ గుడిసెలో ఉండేది.’ ఇప్పుడు ఆ ముసలమ్మ మనకు ముందే తెలిసిన మనిషి అయిపోయింది. నువ్వు రాసిన వరసలో చోటు ముందొచ్చింది, మనిషి క్రియకు ముందు కొత్తగా వచ్చింది. అందుకే అక్కడ ‘యాన్ ఓల్డ్ వుమన్’. తిరగేసిన వాక్యంలో అయితే ‘ది ఓల్డ్ వుమన్’. కుక్క సంగతీ అంతే. ‘గుమ్మం దగ్గర కుక్క’ అంటే ‘ఎ డాగ్’, ‘కుక్క గుమ్మం దగ్గర’ అంటే ‘ది డాగ్’. ఫలానాది ఫలానా చోట ఉంది అని చెప్పే వాక్యాల్లో ఈ పరీక్ష బాగా పనికొస్తుంది.

నువ్వు ‘వన్ ఓల్డ్ వుమన్’ అని రాశావు. మన ‘ఒక’ను అలాగే దించేశావన్నమాట. ‘వన్’ అంటే ఇంగ్లీషు పాఠకుడికి ఇద్దరు కాదు, ఒక్కరే అన్న లెక్క వినిపిస్తుంది. తర్వాతి పేజీలో ‘ఆ ముసలమ్మ’ను ప్రతిసారీ ‘దట్ ఓల్డ్ వుమన్’ చేశావు. అది వేలెత్తి చూపిస్తున్నట్టు ఉంటుంది. ‘ది’ చాలు. నిజానికి వాళ్ల ‘యాన్’ పాత ఇంగ్లీషులో ఒకటి అనే అంకె నుంచే వచ్చింది, ‘ది’ వచ్చింది ‘ఆ’ లాంటి మాట నుంచే. కాలక్రమంలో అవి అరిగి, అంకె బరువూ వేలు చూపే బరువూ పోగొట్టుకున్నాయి. మన ‘ఒక’, ‘ఆ’ అంతగా అరగలేదు.

ఇక తలుపు. మొదటిసారి చెప్తున్నాం కదా అని ‘ఎ డోర్’ పెట్టావు. కానీ గుడిసె అనగానే దాని తలుపు పాఠకుడి కళ్ల ముందుకు వచ్చేసింది, కాబట్టి ‘ది డోర్’. ప్రతి గుడిసెకూ కుక్క ఉండదు, అందుకే కుక్కకు ఆ వీలు లేదు. మొదటిసారి ‘ఎ’, రెండోసారి ‘ది’ అని బడిలో నేర్పిన సూత్రం ఇలాంటి చోటే దెబ్బతింటుంది. ఎన్నోసారి అని లెక్కపెట్టకు. ఏ తలుపో పాఠకుడికి తెలుసా అని అడుగు.

చెరువు విషయంలో మాత్రం నిర్ణయం నీదే. ‘ది ట్యాంక్’ అంటే పాఠకుణ్ణి ఆ ఊరివాడిగా కూర్చోబెట్టినట్టు. ‘ఎ ట్యాంక్’ అంటే అతను బయటి నుంచి వచ్చి చూస్తున్నట్టు. తెలుగులో ఉత్త ‘చెరువు’ అని ఈ తేడా తేల్చకుండా రాశావు, అది హాయిగా చెల్లింది. ఇంగ్లీషులో తేల్చక తప్పదు. నీ కథ చెప్పేది ఆ ఊరి కుర్రాడు కాబట్టి నేనైతే ‘ది’ పెడతాను.

మాటల వరస సాయం చేయని చోట్లూ ఉన్నాయి. ‘ఆవిడ టీచర్’ అన్నప్పుడు మనం ‘ఒక’ పెట్టం, అక్కడ ఏదో తగ్గిందనీ అనిపించదు. ఇంగ్లీషులో ‘షీ ఈజ్ ఎ టీచర్’ అనాల్సిందే. ఇది అలవాటు చేసుకోవాలి.

ఎ, యాన్‌ల మధ్య తేడాకు మాత్రం మన లిపే సాయం. వెంటనే వచ్చే మాటను తెలుగులో రాసి చూడు. అచ్చుతో మొదలైతే యాన్: అవర్, ఆనెస్ట్, ఎమ్మెల్యే. హల్లుతో అయితే ఎ: యూనివర్సిటీ, వన్ రుపీ కాయిన్. మన ఉచ్చారణను మాత్రం నమ్మకు, మనలో చాలామంది ‘ఎగ్’ను ‘యెగ్’ అంటారు. చూడాల్సింది పక్క మాటనే. అందుకే ‘ఎ వుమన్’ అయినా, మధ్యలో ‘ఓల్డ్’ రాగానే ‘యాన్’ అయింది.

చివరి పేజీలో ‘ముసలమ్మ నాకో సలహా ఇచ్చింది’ అన్నదాన్ని ‘యాన్ అడ్వైస్’ చేశావు. మన సలహాలు ఒకటి, రెండు అని లెక్కకు వస్తాయి, వాళ్ల ‘అడ్వైస్’ నీళ్లలాగా లెక్కకు రాదు. ‘సమ్ అడ్వైస్’ అని దిద్దు. అదే పేజీలో ‘ఎ ఫర్నిచర్’ కూడా ఉంది, దానిదీ ఇదే జబ్బు.

దిద్దిన ప్రతి పంపించు, చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య