కారు దొంగతనం క్లెయిము, రెండో తాళంచెవి: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నయీంనగర్‌లో ఇంటి ముందు పెట్టిన కారు తెల్లవారేసరికి కనిపించలేదని, హన్మకొండ ఠాణాలో ఫిర్యాదు ఇచ్చావని అక్క చెప్పింది. అసలు కలవరం రెండో తాళంచెవి గురించేనని కూడా తెలిసింది. ఇన్నేళ్లు మోటారు క్లెయిములు చూసినవాడిగా ఆ విషయమే వివరంగా రాస్తున్నాను.

ముందుగా కాగితాలు. భారతీయ న్యాయ సంహిత 303(2) సెక్షన్ కింద నమోదైన ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుడికి ఉచితంగా ఇవ్వాలి. అందులో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీలో ఉన్నట్టే ఉన్నాయో లేదో అంకె అంకె సరిచూసుకో. బీమా కంపెనీకి ఈ రోజే ఫోనులోనూ, ఈమెయిలులోనూ తెలియజేసి క్లెయిము నంబరు తీసుకో. పోలీసులకు వెంటనే చెప్పి కంపెనీకి మాత్రం ఆలస్యంగా చెప్పినంత మాత్రాన దొంగతనం క్లెయిమును తోసిపుచ్చకూడదని సుప్రీంకోర్టు 2020లో గుర్‌షిందర్ సింగ్ కేసులో తేల్చింది. అయినా ఆ వాదన దాకా పోవాల్సిన అవసరం నీకెందుకు? ఆర్‌టీఏ కార్యాలయానికి కూడా ఒక లేఖ ఇచ్చి, ఆ బండి ఎవరి పేరుకూ బదిలీ కాకుండా చూడమని కోరి, అందినట్టు ముద్ర వేయించుకో.

ఇక తాళంచెవులు. కొన్నప్పుడు ఇచ్చిన రెండు చెవులూ కంపెనీ అడుగుతుంది. రెండూ యజమాని దగ్గరే ఉంటే బండి చెవితో పోలేదని, ఎవరికో అమ్మేసి దొంగతనమని చెప్పడం లేదని కొంత నమ్మకం కుదురుతుంది. నీ దగ్గర ఒక్కటే ఉంది, మరొకటి నిరుడు జాతరలో పోయిందంటున్నావు. ఎవరో చెప్పారని బజారులో కొత్త చెవి చేయించి రెండోదిగా ఇవ్వాలన్న ఆలోచనను మాత్రం ఈ క్షణమే మానుకో. ఇప్పటి కార్ల చెవిలో చిప్ ఉంటుంది, బండితో దాన్ని జతపరిచిన వివరం షోరూము రికార్డులో దొరకవచ్చు. పైగా మూడేళ్లు జేబులో తిరిగిన చెవికి ఉండే అరుగుదల నిన్న చేయించిన దానికి ఉండదు. అది బయటపడితే పోయిన చెవి ఒక లోపంగా మిగలదు, మోసమవుతుంది, క్లెయిము మొత్తం పోతుంది. జరిగింది జరిగినట్టు రాసి, చెవి ఎప్పుడు, ఎక్కడ పోయిందో చెప్పి, అప్పుడు షోరూములో విచారించిన మెసేజీ వంటిది ఏదున్నా జతచేయి. ఎఫ్ఐఆర్‌లో ఒకటి, కంపెనీకి మరొకటి చెప్పకు.

కంపెనీ పంపే ఇన్వెస్టిగేటరు నీ వాంగ్మూలం రాసుకుంటాడు, చుట్టుపక్కల వాళ్లను అడుగుతాడు, సీసీ కెమెరాల దృశ్యాలు వెతుకుతాడు, సర్వీసు చరిత్ర తెప్పిస్తాడు. ఫాస్టాగ్ ఖాతా నువ్వే ముందు చూడు. బండి హైదరాబాదు వైపు పోయి ఉంటే కోమళ్ల టోల్‌గేటు దగ్గర సమయం పడి ఉండవచ్చు, అది పోలీసులకూ పనికొస్తుంది. నువ్వు చెప్పిన సమయానికి ముందే అక్కడ దాటినట్టుంటే మాత్రం నిన్నే ప్రశ్నిస్తారు. చెవి బండిలోనే వదిలావా అన్నది ఇన్వెస్టిగేటరు తప్పక అడుగుతాడు, ఎందుకంటే వాహనాన్ని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలన్నది పాలసీ షరతు.

బండి దొరకకపోతే పోలీసులు ఆచూకీ దొరకలేదని కోర్టుకు తుది నివేదిక పెడతారు. దాని ధ్రువీకృత నకలు కంపెనీకి కావాలి. దీనికి సాధారణంగా నెలలు పడుతుంది, కాబట్టి ఠాణాకు వెళ్లినప్పుడల్లా దర్యాప్తు అధికారికి మర్యాదగా గుర్తుచేస్తూ ఉండు. ఈ లోగా బ్యాంకు కిస్తీ ఆపకు, బండి లేకపోయినా అప్పు నీ పేరు మీదే ఉంది.

వచ్చే డబ్బు పాలసీలో రాసిన ఐడీవీ, అంటే బండికి కట్టిన బీమా విలువ మీద ఆధారపడుతుంది. ఉదాహరణకు పాలసీ మొదలైన నాటికి రెండేళ్లు దాటి మూడేళ్లు నిండని బండికి తయారీదారు ధర 8,00,000 రూపాయలైతే, 30 శాతం తరుగు పోగా ఐడీవీ 5,60,000 అవుతుంది. 1500 సీసీ లోపు కారుకు క్లెయిములో యజమానే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు 1,000 పోతే 5,59,000. బ్యాంకుకు ఇంకా 2,10,000 బాకీ ఉంటే అది ముందు చెల్లిపోయి, నీ చేతికి వచ్చేది 3,49,000. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఇందులో పైసా రాదు, కనుక నీది సమగ్ర పాలసీయేనా అన్నది ముందు చూసుకో.

చెల్లించే ముందు బండి బదిలీకి వాడే 28, 29, 30 ఫారాల మీద సంతకాలు, యాజమాన్య హక్కును కంపెనీకి అప్పగించే పత్రం అడుగుతారు, బ్యాంకు నుంచి బండి మీది తాకట్టు రద్దుకు 35వ ఫారం, నిరభ్యంతర పత్రం కావాలి. ఇచ్చే ప్రతి కాగితానికీ, ముఖ్యంగా ఆ ఒక్క తాళంచెవికీ, అందినట్టు రసీదు తీసుకో. ఆ రసీదులో చెవి నంబరు రాయించు, ఇచ్చే ముందు రెండు వైపులా ఫోటో తీసిపెట్టు. ఒకవేళ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని నా దగ్గరకు రా. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి, అక్కడ తేలకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ ఎలా రాయాలో కూర్చుని చూద్దాం.

ఇట్లు,
నీ మేనమామ