రాత్రిళ్ళు గంటకోసారి లేచే బిడ్డకి పాల ఎలర్జీ ఉందేమోనని ఎలా కనిపెట్టాలి?

"మాది విజయవాడ, పటమట. బాబుకి ఐదో నెల. నా పాలే తాగుతాడు. రాత్రి గంటకోసారి లేచి ఏడుస్తున్నాడు. అత్తయ్య దిష్టి అంటారు, మా అక్కేమో పాల ఎలర్జీ అయి ఉంటుందంటోంది. నిద్ర సరిగా లేకపోవడం కాక ఇంకేం చూసుకోవాలి? నేను పాలు, పెరుగు మానేయనా?"

అప్పుడే మానేయకండి. ముందు మూడు నాలుగు రోజులు పగటిపూట బాబుని గమనించండి. డైపర్, పాలు తాగే తీరు, చర్మం, ఈ మూడూ చూడండి. మేం గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. మా పాపకి ఇప్పుడు రెండున్నరేళ్ళు. దానికి మూడో నెలలో ఇదే మొదలైంది. రాత్రి పదింటికి పడుకోబెడితే పదకొండు కాకముందే లేచేది. తెల్లారేసరికి ఆరేడుసార్లు లేచేది. నా పాలు చాలడం లేదేమోనని అమ్మ, ఎవరి కళ్ళో పడ్డాయని అత్తయ్య, గ్యాస్ అని మా వారు అనేవారు. నిద్ర లేక నలిగిపోయి నేను కూడా రాత్రి సంగతే పట్టుకుని కూర్చున్నాను. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆవిడ రాత్రి గురించి తర్వాత అడిగారు. మొదట అడిగింది, "మోషన్ ఎలా ఉంది, ఫొటో తీశారా?" అని.

తల్లిపాలు తాగే పిల్లల మోషన్ మామూలుగా పసుపుపచ్చగా, నూరిన ఆవపిండిలా పలుకులు పలుకులుగా ఉంటుంది. మా పాపది పది రోజుల నుంచి ఆకుపచ్చగా, జిగటగా ఉంది. డైపర్ తీస్తుంటే చీమిడిలా తీగలు సాగేది. ఒకరోజు ఆ జిగటలో రెండు మూడు ఎర్రటి దారపు పోగుల లాంటివి కనిపించాయి. అది రక్తం. ఆకుపచ్చ రంగు ఒక్కటే అయితే ఎలర్జీ అనుకోనక్కర్లేదు, చాలామంది పిల్లలకి వచ్చి పోతుంటుంది. జిగట రోజూ ఉండటం, అందులో రక్తపు చారలు రావడం మాత్రం డాక్టరుకి చూపించి తీరాల్సిన విషయం. మలద్వారంలో చిన్న చీలిక ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా రక్తం రావచ్చు కాబట్టి ఆవిడ ముందు అవి లేవని చూసుకున్నారు.

ఇక పాలు తాగే తీరు. ఆకలితో ఆత్రంగా పట్టుకునేది. రెండు నిమిషాలు తాగేసరికి విల్లులా వెనక్కి విరుచుకుని వదిలేసి ఏడ్చేది. మళ్ళీ కావాలని వెతుక్కునేది, మళ్ళీ విరుచుకునేది. భుజాన వేసుకుంటే ఊరుకునేది, పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టగానే గొంతులో పాలు పైకొచ్చి మింగుతున్న చప్పుడు, ఆ వెంటనే ఏడుపు. రాత్రి ఎందుకు లేస్తోందో నాకు అక్కడ అర్థమైంది. దానికి నిద్ర రాక కాదు, పడుకుంటే పాలు పైకి తన్నుతున్నాయి.

చర్మం సంగతి నేను అసలు దీంతో కలపలేదు. బుగ్గలు గరుకుగా, ఎర్రగా ఉంటే ఎండాకాలం కదా, చెమటకాయలు అనుకున్నాను. మోచేతుల మడతల్లో కూడా అలాగే ఉంది. నిద్రలో చెంపని నా చీరకేసి రుద్దుకునేది. జలుబు లేకుండానే ముక్కు గురగురలాడేది. బరువు చూస్తే నాలుగు వారాల్లో పావుకిలో కూడా పెరగలేదు.

రక్తపు చారలు కాకుండా వీటిలో ఏదో ఒక్కటే ఉంటే కంగారు పడకండి. పాలు కక్కని పిల్లలు, బుగ్గల మీద పొక్కులు రాని పిల్లలు అరుదు. పొట్ట, చర్మం, ముక్కు ఇలా రెండు మూడు చోట్ల కలిసి, వారాల తరబడి తగ్గకుండా ఉంటేనే పాల ప్రొటీన్ ఎలర్జీ అనుమానించాలి. పగలు హాయిగా ఆడుకుంటూ, బాగా తాగుతూ, బరువు పెరుగుతూ, మోషన్ మామూలుగా ఉండి రాత్రి మాత్రమే లేస్తుంటే ఐదో నెలలో అది చాలావరకు వయసు తీరే. ఆ ఒక్క కారణంతో బాలింత తన తిండిలో పాలు, పెరుగు మానేయడం నా దృష్టిలో తప్పు. అసలు ఎలర్జీకీ నిద్రకీ సంబంధమే లేదనీ అనకూడదు. ఎడతెగకుండా నిద్రలేమితో ఉన్న కొందరు పసిపిల్లలకి ఆవుపాలు ఆపితే నిద్ర కుదిరిందని, మళ్ళీ ఇస్తే చెడిందని బెల్జియం డాక్టర్లు 1985లోనే రాశారు. అయితే నిద్ర ఒక్కదాన్ని బట్టి దీన్ని తేల్చలేం.

బిడ్డ ఆవుపాలు తాగకపోయినా ఇది ఎలా వస్తుందని నాకూ అనుమానం వచ్చింది. మనం తాగే పాలలోని ప్రొటీన్లు చాలా కొద్దిగా మన పాలలోకి దిగుతాయి. కొందరు పిల్లలకి ఆ కొద్దిదే పడదు. మనవైపు ఇళ్ళలో ఎక్కువగా గేదె పాలే కదా అనుకోకండి, గేదె పాలు, మేక పాలలోని ప్రొటీన్లు ఆవుపాల వాటికి బాగా దగ్గరగా ఉంటాయి. ఇక ఈ ఆలస్యంగా వచ్చే రకం ఎలర్జీలో లక్షణాలు కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల దాకా ఎప్పుడైనా బయటపడొచ్చు. అందుకే ఈ రాత్రి ఏడుపుకి ఈ రాత్రి తిన్న పెరుగన్నం కారణమని ఎవరూ పోల్చుకోలేరు. ఈ రకానికి రక్తపరీక్ష చేయించినా ఏమీ లేదనే రావచ్చు. తేల్చే దారి ఒక్కటే: కొన్ని వారాలు పూర్తిగా ఆపి చూడటం, తగ్గితే మళ్ళీ మొదలుపెట్టి చూడటం.

నేను మొదటిసారి దీన్ని పాడుచేసుకున్నాను. పాలు, పెరుగు, మజ్జిగ మానేశాను, వారం చూశాను, ఏమీ మారలేదు. "ఇది పాల వల్ల కాదండీ" అని డాక్టరుతో ఖచ్చితంగా చెప్పేశాను. ఆవిడ నిన్నటి నుంచి తిన్నవన్నీ వరసగా చెప్పమన్నారు. పప్పన్నంలో నెయ్యి. పొద్దున బ్రెడ్. టీలో పాలు లేవు కానీ పక్కన రెండు బిస్కెట్లు. పక్కింటావిడ మంచిదంటే మేక పాలు ఒక గ్లాసు! నెయ్యిలోనూ పాల ప్రొటీన్ జాడ మిగులుతుంది. బ్రెడ్డు, బిస్కెట్ల ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో పాలపొడి, మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్ అని ఉంటుంది, ఎలర్జీ హెచ్చరిక కింద "కంటెయిన్స్ మిల్క్" అని కూడా వేస్తారు. అది చదవడం నేర్చుకునేసరికి కోవా, పనీర్ సరే, మా వీధి బేకరీ బన్ను కూడా పక్కన పెట్టాల్సి వచ్చింది.

రెండోసారి గట్టిగా చేశాను. మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యికి బదులు నువ్వుల నూనె, రాత్రి చారన్నం. నాలుగో రోజుకి జిగట తగ్గింది. పదో రోజు తర్వాత రక్తం మళ్ళీ కనబడలేదు. బుగ్గలు నునుపు తేలడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. నిద్ర అన్నిటికంటే ఆఖరున కుదిరింది. మూడో వారం చివరికి రాత్రి రెండుసార్లు లేచి, తాగి, పడుకునేది. అందుకే వారానికే తీర్పు చెప్పేయకండి. డాక్టర్లు రెండు నుంచి నాలుగు వారాలు అంటారు.

తగ్గాక మళ్ళీ పెరుగు తినమంటే నాకు కోపం వచ్చింది. ఇంత కష్టపడి తెచ్చుకున్న నిద్ర పోగొట్టుకోమంటారా అని. కానీ ఆ వయసులో పిల్లల ఏడుపు చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. తిరిగి తిని చూడకపోతే పాలు మానడం వల్ల తగ్గిందో, వయసు వల్ల తగ్గిందో తెలియదు. తెలియకపోతే అనవసరంగా ఏడాది పాటు మానేస్తాం. ఐదో వారంలో రోజూ ఒక కప్పు పెరుగు మొదలుపెట్టాను. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు సాయంత్రం పాలు తాగుతూ వెనక్కి విరుచుకుంది. మూడో రోజు డైపర్‌లో అదే జిగట, ఆ రాత్రి ఐదుసార్లు లేచింది. ఆపేశాం. అప్పుడే ఆవిడ "ఇది పాల ప్రొటీన్ ఎలర్జీ" అని కాగితం మీద రాశారు.

ఇలా ఇంట్లో తిరిగి మొదలుపెట్టడం మా పాపలాంటి ఆలస్యపు, తేలిక రకానికే, అదీ డాక్టరు సరేనన్నాకే. పాలు లోపలికి వెళ్ళిన కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు లేదా కళ్ళు వాయడం, దగ్గు, పిల్లికూతల్లాంటి ఊపిరి వస్తే అది వేరే రకం. కొన్ని గంటలకి ఆగకుండా వాంతులై బిడ్డ పాలిపోయి మెత్తబడిపోయినా ప్రమాదమే. అప్పుడు 108కి ఫోన్ చేయండి, ఇంట్లో ప్రయోగాలు వద్దు. ఆకుపచ్చ వాంతి అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, అది పేగు అడ్డుపడటం కావచ్చు.

మీకు ఇంకెవరైనా "లాక్టోజ్ లేని పాలపొడి వాడు" అనవచ్చు. లాక్టోజ్ పాలలోని చక్కెర. ఈ ఎలర్జీ ప్రొటీన్‌తో, ఆ డబ్బాలో ప్రొటీన్ అలాగే ఉంటుంది. డబ్బా పాలే తాగే పిల్లలకి ప్రొటీన్‌ను బాగా చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేకమైన పొడి డాక్టరు రాస్తారు. మీ పాలు తాగుతున్నాడు కాబట్టి మీకు దాని అవసరం రాకపోవచ్చు, తల్లిపాలు ఆపకండి.

మీరు మానేయాల్సి వస్తే మీ ఎముకల సంగతి కూడా అడగండి. నాకు రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం అందేలా మాత్రలు, విటమిన్ డి రాశారు. దానితోపాటు బెల్లం వేసిన రాగిజావ, నువ్వుండలు, మునగాకు పప్పు తినేదాన్ని.

మాకు అన్నప్రాసన ఆరో నెలలో. పరమాన్నం పాలు లేకుండా ఎలా అని అత్తయ్య చాలా బాధపడ్డారు. చివరికి ఆవిడే కొబ్బరికాయ తురిమి, గోరువెచ్చని నీళ్ళలో పిండి, ఆ పాలతో, బెల్లంతో వండారు. ఏడాది దాటాక డాక్టరు చెప్పిన వరసలో పాలు మొదలుపెట్టాం: ముందు బాగా కాలిన బిస్కెట్‌లో చిన్న ముక్క, వారాలు గడిచాక కేకు లాంటివి, చాలా తర్వాత పెరుగు, ఆఖరున పాలు. ఎక్కువ వేడికి ప్రొటీన్ రూపం మారుతుంది కాబట్టి ముందు కాల్చినవే ఇస్తారు. రెండేళ్ళు నిండేసరికి పెరుగన్నం తినేసింది.

మీరు ఇప్పుడు చేయాల్సింది: మోషన్ రోజూ ఫొటో తీయండి, విరుచుకున్న వేళలు, మీరు తిన్నవి ఒక పుస్తకంలో రాయండి, బరువు చూపించండి. ఎర్ర చారలు కనిపిస్తే మాత్రం నాలుగు రోజులు ఆగకుండా రేపే వెళ్ళండి.