నోబెల్ వయసు లెక్క తప్పితే పిల్లవాడు మొద్దు కాదు

ప్రశ్న: సార్, మా బాబు కడపలో ఇంటర్ రెండో సంవత్సరం, హెచ్‌ఈసీ. జీకే టెస్టుల్లో నోబెల్ ఏ సంవత్సరంలో వచ్చింది, అప్పటికి ఆయన వయసెంత అని అడిగితే మార్కులు పోగొట్టుకుంటున్నాడు. మొన్న అమర్త్యసేన్‌కు 65 అని రాస్తే తప్పు కొట్టారు. ఇలాగైతే గ్రూప్స్ ఎలా కొడతాడు? డిగ్రీతో పాటు సివిల్స్ కోచింగ్ కూడా చెప్పే కాలేజీలో వేయాలా, మామూలు డిగ్రీలో వేయాలా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: ముందు మీ అబ్బాయి రాసిన జవాబు సంగతి చూద్దాం. అది తప్పు కాదు.

సేన్ పుట్టింది 1933 నవంబరు 3న. ఆర్థిక శాస్త్రంలో ఆయనకు నోబెల్ ప్రకటించింది 1998 అక్టోబరు 14న. ఆ రోజుకు ఆయనకు 65 నిండడానికి ఇంకా ఇరవై రోజులుంది, అంటే 64. కానీ బహుమతి చేతికిచ్చేది నోబెల్ వర్ధంతి రోజు, డిసెంబరు 10న. అప్పటికి పుట్టినరోజు దాటిపోయింది కాబట్టి 65. పేపర్ తయారుచేసినవాళ్లు ప్రకటన రోజు పట్టుకున్నారు, మీవాడు 1998లోంచి 1933 తీసేశాడు. ‘ఏ రోజు నాటికి’ అని చెప్పకుండా వయసు అడగడం ప్రశ్నలోని లోపం. దానికి పిల్లవాణ్ని తిడితే ఎలా?

తీసివేతతో ఎక్కువసార్లు గట్టెక్కవచ్చు. పుట్టినరోజు జనవరి నుంచి సెప్టెంబరు లోపల ఉంటే, ప్రకటనలు అక్టోబరులో వచ్చే ఈ కాలంలో భయమే లేదు. అక్టోబరు మొదలుకొని డిసెంబరు 10 దాకా పుట్టినవాళ్ల దగ్గర మాత్రం సేన్‌కు వచ్చిన తంటాయే రావచ్చు. డిసెంబరు 10 తర్వాత పుట్టినవాళ్లకైతే తీసివేతలో వచ్చినదానికి ఒకటి తగ్గించాల్సిందే. బొంబాయిలో పుట్టిన రచయిత కిప్లింగ్‌నే తీసుకోండి. పుట్టింది 1865 డిసెంబరు 30న, సాహిత్య నోబెల్ 1907లో. తీసివేస్తే 42 వస్తుంది, కానీ అప్పటికి ఆయనకు 41 ఏళ్లే. గైడు పుస్తకాల్లో 42 కనిపిస్తే వాళ్లు పుట్టిన తేదీ చూడలేదని మీకే తెలిసిపోతుంది.

సంవత్సరం దగ్గర కూడా ఒక మెలిక ఉంది. ఐన్‌స్టీన్‌ది 1921 నోబెల్. ఆ ఏడాది వచ్చిన ప్రతిపాదనల్లో ఏదీ తగినది కాదని కమిటీ అనుకుంది. అలాంటప్పుడు బహుమతిని మరుసటి ఏడాదికి అట్టిపెట్టవచ్చని నిబంధన. అందుకే 1921 బహుమతి ఆయనకు 1922 నవంబరులో ప్రకటించారు. ఆయన 1879 మార్చి 14న పుట్టారు. బహుమతి మీదున్న సంవత్సరంతో లెక్కేస్తే 42, నిజంగా ప్రకటించిన రోజుకు 43. ‘ఏ సంవత్సరపు బహుమతి’ అంటే 1921 రాయాలి, ‘ఎప్పుడు ప్రకటించారు’ అంటే 1922. ఆ ఒక్క మాట చదవకపోతే పోయేది మార్కే, జ్ఞానం కాదు.

ఇక మీ అసలు భయం. మా అనంతపురం ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అడిగేది ఇదే, మాటలే వేరు: ‘మావాడు వెనకబడిపోయాడా?’ లేదండీ. పదిహేడేళ్లవాడికి రెండు సంవత్సరాలు గుర్తుండి, తీసివేత కూడా సరిగ్గా వచ్చింది. జవాబు తప్పని వాళ్లంటే మీరు ఆ పేపరు ఒక్కసారైనా చేతిలోకి తీసుకుని చూశారా? ముందు అది చూసి తర్వాత కోప్పడాల్సింది. కొంచెం గట్టిగానే అంటున్నాను, ఏమీ అనుకోవద్దు.

డిగ్రీ, సివిల్స్ కలిపి చెప్పే కాలేజీల మీద నాకు అనుమానమే. లక్షల్లో ఫీజు కడతారు. మూడేళ్లూ ఇలాంటి ఏళ్లు, వయసులు, బిరుదులు బట్టీ వేయిస్తారు. అక్కడి వారాంతపు టెస్టుల్లో పిల్లలకు ర్యాంకులొస్తాయి, డిగ్రీ సబ్జెక్టు మాత్రం పైపైనే మిగులుతుంది. మూడో ఏడాదిలో ‘సార్, ఇటు డిగ్రీ లేదు, అటు సివిల్స్ లేదు’ అంటూ నా ముందు కూర్చున్న పిల్లలను చూశాను. కొందరికి అక్కడి క్రమశిక్షణ పనికొస్తుంది, కాదనను. కానీ ఆ నిర్ణయం జీకే మార్కులు చూసి చేసేది కాదు. మీవాడికి చరిత్ర ఇష్టమా, ఆర్థిక శాస్త్రం ఇష్టమా అడగండి. కడపలోనే మామూలు డిగ్రీలో వేసి, రెండో ఏడాది తర్వాత వాడే అడిగితే కోచింగ్ గురించి మాట్లాడుకుందాం.

ఈలోగా ఆ పేపరు దిద్దినవారి దగ్గరికి మీవాణ్నే పంపండి. ‘సార్, మీరు 64 అన్నది అక్టోబరు 14 లెక్కనా?’ అని అడిగి రమ్మనండి.